నెల ప్లానా, ఏడాది ప్లానా, ఉచిత ట్రయలా: చందా కట్టే ముందు వేయవలసిన లెక్క

ఒక సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టబోయేటప్పుడు తెర మీద సాధారణంగా మూడు పెట్టెలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది ఏ నెలకు ఆ నెల కట్టి, వద్దనుకున్నప్పుడు మానుకోగల నెలవారీ ప్లాన్. రెండవది ఏడాది సొమ్మంతా ముందుగా ఒకేసారి కట్టే ప్లాన్. మూడవది చూడటానికి నెలవారీ ప్లాన్ లాగే ఉంటుంది, నెలనెలా కొద్దికొద్దిగా కట్టించుకుంటుంది, కానీ అందులో చేరిన రోజే మనం ఏడాది పాటు ఉంటామని ఒప్పుకున్నట్టు లెక్క. ఈ మూడింటి పైన పెద్ద అక్షరాలతో ‘7 రోజులు ఉచితం’ అన్న బటన్ ఉంటుంది. మూడు పెట్టెల్లోనూ ధరను ‘నెలకు ఇంత’ అనే చూపిస్తారు కాబట్టి మన కన్ను సహజంగా అన్నిటికంటే చిన్న అంకె మీద నిలుస్తుంది. నా అభిప్రాయంలో ఆ అంకె ఈ నిర్ణయానికి దాదాపుగా పనికిరాదు. మనం ఎన్ని నెలలు వాడతాం, మధ్యలో మానుకుంటే ఎంత పోతుంది, మరచిపోతే ఎంత పోతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ ప్లాన్ మనకు చవకో తేలిపోతుంది. ఆ జవాబులు మాత్రం ఆ పెట్టెల మీద రాసి ఉండవు.

మూడు పెట్టెలు, ఒకే లెక్క

లెక్క సులువుగా ఉండటానికి ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నెలవారీ ప్లాన్ ధర 100 అనుకుందాం. అది ఏ దేశపు డబ్బైనా నిష్పత్తులు మారవు. ఏడాదికి కట్టుబడి నెలనెలా కట్టే ప్లాన్ ధర నెలకు 65. ఏడాది మొత్తం ముందే కట్టే ప్లాన్ ధర 720, తెర మీద మాత్రం ‘నెలకు 60 మాత్రమే’ అని ఉంటుంది. 100, 65, 60 అన్న మూడు అంకెలు పక్కపక్కన ఉన్నప్పుడు 100 కట్టేవాడు అమాయకుడిలా కనిపిస్తాడు. అసలు ఆ 100ను అంత ఎత్తున పెట్టడంలో ఒక ఉద్దేశం, పక్కనున్న 60ని అందరికీ చవకగా కనిపించేలా చేయడమే.

ఇప్పుడు మధ్యలో మానుకునే షరతును లెక్కలోకి తీసుకుందాం. కట్టుబడి ప్లాన్‌లో ఏడాది నిండకుండా బయటికి వస్తే, మిగిలిన నెలల సొమ్ములో సగం ఫీజుగా కట్టాలన్న షరతు సాఫ్ట్‌వేర్ రంగంలో నిజంగా ఉన్నదే. అడోబీ సంస్థ తన ఏడాది ప్లాన్‌కు ఇదే షరతు పెట్టింది. ఆ ఫీజును, ఏడాది కట్టుబాటును చేరేటప్పుడు స్పష్టంగా చూపకుండా దాచారన్న ఆరోపణతో 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం, అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పరిశీలన ఆధారంగా, ఆ సంస్థపై కేసు వేసింది. సంస్థ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. కేసు సంగతి ఎలా ఉన్నా, ఫీజు ఉన్నదన్న సంగతి చందాదారుడు తెలుసుకోవలసినదే.

మన ఉదాహరణలో ఒక వ్యక్తి నాలుగు నెలల పని కోసం ఈ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాడనుకుందాం. నెలవారీ ప్లాన్‌లో అతనికి అయ్యేది 400. కట్టుబడి ప్లాన్‌లో నాలుగు నెలలకు 260 కడతాడు, ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉన్నాయి, వాటి సొమ్ము 520, అందులో సగం 260 ఫీజు, వెరసి 520. ఏడాది ముందే కట్టి ఉంటే 720 పోయినట్టే. అంటే తెర మీద అన్నిటికంటే ఖరీదుగా కనిపించిన పెట్టె ఈ మనిషికి అన్నిటికంటే చవకైనది.

ఇదే లెక్కను నెల నెలకూ జరుపుకుంటూ పోతే ఒక ఆసక్తికరమైన చిత్రం వస్తుంది. అయిదు నెలల వరకు నెలవారీ ప్లానే చవక. అయిదో నెలాఖరుకు అది 500 అయితే, కట్టుబడి ప్లాన్ ఫీజుతో కలిపి 552.50 అవుతుంది. ఆరో నెలలో తక్కెడ అటు మొగ్గుతుంది, ఎందుకంటే నెలవారీ 600కు చేరితే కట్టుబడి ప్లాన్ ఫీజుతో కలిపినా 585 దగ్గరే ఉంటుంది. అక్కడినుంచి పదో నెల వరకు ఫీజు కట్టి బయటికి రావడమే తక్కువ ఖర్చు. పదో నెలకు అది 715. పదకొండో నెలకు 747.50 అయి 720ని దాటుతుంది, కాబట్టి ఏడాది ముందే కట్టిన వాడు గెలిచేది చివరి రెండు నెలల్లోనే. ‘నెలకు 60’ అన్న మాట నిజం కావాలంటే మనం పన్నెండు నెలలూ నిజంగా వాడాలి. పదకొండు నెలలు వాడితే నెలకు 65 పైన, ఆరు నెలలు వాడితే నెలకు 120 పడినట్టు.

అయితే ఈ చిత్రమంతా ఫీజు సగమన్న ఒక్క షరతు మీద ఆధారపడి ఉంది. మిగిలిన సొమ్మంతా కట్టాల్సిందేనని ఒప్పందంలో ఉంటే, కట్టుబడి ప్లాన్‌లో ఎప్పుడు మానుకున్నా 780 కట్టక తప్పదు. అప్పుడది ఏ నెలలోనూ లాభసాటి కాదు. ఏడు నెలల వరకు నెలవారీ ప్లాన్, ఎనిమిదో నెలనుంచి ముందే కట్టే ఏడాది ప్లాన్ చవకగా తేలతాయి. ముందే పెద్ద మొత్తం తీయలేని వాడికి వాయిదాల సౌకర్యం తప్ప ఇందులో ఏమీ మిగలదు. అందుకే మూడో రకం ప్లాన్ కనిపించినప్పుడు ధర చూడటానికి ముందు ఆ ఫీజు ఎంతో వెతకాలి. అది ధర పక్కన కాక, ఒక చిన్న ప్రశ్న గుర్తు మీద వేలు పెట్టినప్పుడు తెరుచుకునే వివరణలోనో, నిబంధనల పేజీలో రద్దు గురించిన పేరాలోనో ఉండవచ్చు. ‘ఏడాది ప్లాన్, నెలవారీ బిల్లు’ అన్న మాటలు ఎక్కడ కనిపించినా ఇది ఆ రకమేనని గుర్తించవచ్చు. ‘నెలవారీ బిల్లు’ అంటే డబ్బు ఎప్పుడు కడతామో చెప్పే మాట మాత్రమే, ఎప్పుడు మానుకోవచ్చో చెప్పే మాట కాదు.

ఎన్ని నెలలు వాడతామో ముందే ఎలా తెలుస్తుందని అడిగేవారు ఉంటారు. నిజమే, చాలామందికి తెలియదు. తెలియనప్పుడు చేయవలసిన పని ఒకటుంది. మొదటి రెండు నెలలు నెలవారీ ప్లాన్ కట్టి, ఆ తరువాత కూడా అవసరమనిపిస్తే అప్పుడు ఏడాది ప్లాన్‌కు మారాలి. ఇలా చేసినందుకు నష్టపోయేది రెండు నెలలకు నెలకు 40 చొప్పున 80 మాత్రమే. తొలిరోజే ఏడాదికి కట్టి రెండు నెలలకు మానుకుంటే 200 అయ్యేచోట 720 అయి, 520 నష్టపోతాం. ఈ రెండు నష్టాలనూ తూచి చూస్తే, మనం రెండు నెలల్లో మానుకునే అవకాశం ఏడింట ఒక వంతు ఉన్నా సరే, ముందు నెలవారీగా కట్టడమే సరైన ఎంపిక. కొత్తగా మొదలుపెట్టిన ఏ పనికైనా అంతమాత్రం సందేహం ఉండనే ఉంటుంది. దీనికి విరుద్ధంగా, మూడేళ్లుగా రోజూ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు ఏడాది ప్లాన్ తీసుకోకపోవడం అనవసరమైన ఖర్చు. పైగా మధ్యలో ధర పెరిగినా ముందే కట్టినవారికి ఆ ఏడాదికి సాధారణంగా పాత ధరే వర్తిస్తుంది. ఏడాది ప్లాన్‌లో నిజమైన మేలు ఇదే, దీనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

స్ట్రీమింగ్ సంగతి వేరు

వీడియో స్ట్రీమింగ్ సేవల్లో ఏడాది డిస్కౌంట్‌ను తరచుగా ‘రెండు నెలలు ఉచితం’ అన్న రూపంలో ఇస్తారు. అంటే పది నెలల ధరకు పన్నెండు నెలలు, శాతంలో చెప్పాలంటే 17 కంటే కొంచెం తక్కువ. పది నెలలకు తక్కువ చూస్తే నష్టం, అంతకు మించితేనే లాభం. సాఫ్ట్‌వేర్‌ను మనం పని ఉన్నంత కాలం వాడతాం, స్ట్రీమింగ్‌ను మాత్రం మనకు నచ్చినది అందులో ఉన్నంత కాలమే చూస్తాం. సిరీస్ ముగిసిన తరువాత, క్రీడల సీజన్ అయిపోయిన తరువాత ఆ యాప్ తెరవని నెలలు వస్తాయి. నెలవారీ ప్లాన్‌ను ఆపి, కొన్ని నెలల తరువాత మళ్లీ చేరినా మన ఖాతా, చూసిన చరిత్ర చాలా సేవల్లో కొంతకాలం అలాగే ఉంటాయి. తిరిగి చేరడానికి ప్రత్యేక రుసుము అడగడం అరుదు. కాబట్టి రెండు మూడు సేవలను ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ చూసేవారికి నెలవారీ ప్లానే సరిపోతుంది. ఇంట్లో పిల్లలో పెద్దలో రోజూ తప్పకుండా చూసే ఒక్క సేవకు మాత్రం ఏడాది ప్లాన్ కట్టవచ్చు. ఈ విషయంలో అంతకంటే లోతైన లెక్క అవసరం లేదు.

ఉచిత ట్రయల్‌లో చూడవలసినది ఎనిమిదో రోజు

ఉచిత ట్రయల్ రెండు రకాలు. కార్డు అడగకుండా ఇచ్చేది ఒకటి, ముందే కార్డు వివరాలు తీసుకుని ఇచ్చేది మరొకటి. మొదటి రకంలో గడువు ముగిస్తే సేవ ఆగిపోతుంది, అంతకు మించి ఏమీ జరగదు. రెండో రకంలో గడువు ముగిస్తే డబ్బు కట్ అవుతుంది. మనం ఏమీ చేయకపోతే ఏం జరుగుతుందన్నదే రెండింటి మధ్య ఉన్న తేడా. పోలుస్తున్న సేవలు నాణ్యతలో దగ్గరగా ఉంటే, కార్డు అడగని దానిని ముందుగా ప్రయత్నించమనే నేను చెబుతాను.

కార్డు ఇచ్చి చేరే ట్రయల్‌లో అందరూ ‘ఎన్ని రోజులు ఉచితం’ అని చూస్తారు. చూడవలసినది, ఆ తరువాత అది ఏ ప్లాన్‌గా మారుతుందన్నది. నాకు జరిగినదే చెబుతాను. పాత కుటుంబ ఫోటోలను బాగుచేసుకుందామని ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను. మొదటి తెర మీద రెండు వరుసలు ఉన్నాయి. పైవరుస ఏడాది ప్లాన్, దాని పక్కన గుండ్రని గుర్తు ముందే నిండి ఉంది, ‘నెలకు 40’ అని పెద్దగా ఉంది. కిందివరుస నెలవారీ ప్లాన్, ధర 100. ‘7 రోజులు ఉచితం’ అన్న పట్టీ పైవరుసకు మాత్రమే అతికించి ఉంది. బటన్ కింద బూడిద రంగు చిన్న అక్షరాల్లో, ట్రయల్ తరువాత ఏడాదికి 480 అని రాసి ఉంది, నేను దాన్ని చదవలేదు. నాలుగు ఫోటోలు బాగుచేసుకుని, అయిదో రోజున యాప్‌ను ఫోన్ నుంచి తీసివేశాను, దానితో వ్యవహారం ముగిసిందనుకున్నాను. ఎనిమిదో రోజున 480 కట్ అయినట్టు సందేశం వచ్చింది. ఆ రోజు నాకు బాధ కలిగించినది డబ్బు ఒక్కటే కాదు, కింది వరుసలోని నెలవారీ ప్లాన్‌ను 100 కట్టి తీసుకుని వెంటనే ఆపి ఉంటే నా నాలుగు ఫోటోల పని నిండుగా జరిగేదన్న ఆలోచన కూడా.

ఈ అనుభవంలోని అంకెలే ఒక నియమాన్ని చూపిస్తున్నాయి. ట్రయల్ అసలు ధర సున్నా కాదు. మనం మరచిపోయే అవకాశాన్ని, మరచిపోతే పోయే మొత్తంతో హెచ్చించాలి. నాలుగింట ఒకసారి మరచిపోయే మనిషికి, 480గా మారే ట్రయల్ సగటున 120 ఖరీదైనది, అంటే 100 కట్టి తీసుకునే నెలవారీ ప్లాన్ కంటే కూడా ఎక్కువ. అదే ట్రయల్ నెలవారీ ప్లాన్‌గా మారేదైతే అతనికి పడేది సగటున 25. అందువల్ల ట్రయల్ ఏ ప్లాన్‌తో మొదలుపెట్టాలో ఎంచుకునే వీలున్నప్పుడు, తెర మీద ఖరీదుగా కనిపించినా నెలవారీ ప్లాన్‌నే ఎంచుకుని, నచ్చిన తరువాత ఏడాదికి మారడం మేలు. ట్రయల్ ఏడాది ప్లాన్‌కు మాత్రమే ఉంటే, ఆ అమరికను చూసి మరికాస్త జాగ్రత్త పడాలి.

యాప్ తీసివేస్తే చందా ఆగదు. చందా యాప్‌లో ఉండదు, యాప్ స్టోర్ ఖాతాలోనో కంపెనీ వెబ్‌సైట్‌లోని మన ఖాతాలోనో ఉంటుంది. ఐఫోన్‌లో Settings తెరిచి, పైన ఉన్న మన పేరు మీద నొక్కితే Subscriptions కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్‌లో కుడివైపు పైన ఉన్న మన ఫోటో మీద నొక్కి Payments & subscriptions లోకి వెళ్లాలి. రద్దు చేయవలసినది అక్కడే.

గడువు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. యాపిల్ నియమాల ప్రకారం ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. సోమవారం రాత్రి ఎనిమిదికి మొదలైన ఏడు రోజుల ట్రయల్ మరుసటి సోమవారం రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది కాబట్టి, నిజమైన చివరి గడువు ఆదివారం రాత్రి ఎనిమిది. ‘సోమవారం చూసుకోవచ్చులే’ అనుకున్నవారు అప్పటికే ఆలస్యమైనట్టు. మొదలుపెట్టిన వెంటనే, అదే కూర్చున్నచోట, ఫోన్ క్యాలెండర్‌లో శనివారానికి ఒక గుర్తు పెట్టుకోవడం సురక్షితం. మొదలుపెట్టిన నిమిషంలోనే రద్దు చేసి, మిగిలిన రోజులు వాడుకోవడం మరొక పద్ధతి. చాలా యాప్‌లలో ఇది పనిచేస్తుంది, కొన్నిటిలో మాత్రం రద్దు చేసిన క్షణమే ట్రయల్ ఆగిపోతుంది. చివరి బటన్ నొక్కే ముందు వచ్చే తెర మీద సేవ ఏ తేదీ వరకు ఉంటుందో రాసి ఉంటుంది, దాన్ని చదివితే మీది ఏ రకమో తెలుస్తుంది.

రెండో ఏడాది ధరే అసలు ధర

యాంటీవైరస్, వీపీఎన్, వెబ్ హోస్టింగ్ వంటి సేవల్లో తొలి ఏడాది ధర బాగా తగ్గించి, ఆటో రెన్యూవల్‌లో పూర్తి ధర తీసుకోవడం పరిపాటి. ఒక యాంటీవైరస్ తొలి ఏడాది 400, తరువాత ఏటా 1000 అనుకుందాం. పోటీ కంపెనీది డిస్కౌంట్ లేకుండా ఏటా 700. మొదటి ఏడాది చూస్తే మొదటిది ఎంతో చవక. రెండేళ్లకు రెండూ 1400 దగ్గర సమానమవుతాయి. మూడేళ్లకు మొదటిది 2400, రెండోది 2100. కాబట్టి ఏడాది కాగానే మానుకుని వేరేదానికి మారే ఓపిక ఉన్నవారు డిస్కౌంట్ ఉన్నదాన్ని, ఒకసారి పెట్టి మరచిపోవాలనుకునేవారు డిస్కౌంట్ లేనిదాన్ని తీసుకోవాలి. తాము ఏ రకం మనుషులో ఎవరికి వారే నిజాయితీగా తేల్చుకోవాలి. కొనుగోలు పేజీలో కొట్టివేసిన పెద్ద ధర పక్కన తగ్గించిన ధర ఉన్నప్పుడు, ఆ కొట్టివేసినది తరచుగా మన రెన్యూవల్ ధరే అయి ఉంటుంది. దాన్ని గతించిన ధరగా కాక రాబోయే ధరగా చదవడం అలవాటు చేసుకుంటే పోలిక సరిగా వస్తుంది.

ఇక్కడ తేదీల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కొన్ని యాంటీవైరస్ కంపెనీలు గడువు ముగిసే రోజున కాక, దానికి నెల రోజులు ముందే రెన్యూవల్ సొమ్ము తీసుకుంటాయి. గడువు తేదీకి వారం ముందు గుర్తు పెట్టుకున్నవారికి అది పనికిరాదు, నెలన్నర ముందు పెట్టుకోవాలి. ఇంకా తేలిక మార్గం, కొన్న రోజే ఆటో రెన్యూవల్ ఆపివేయడం. సాధారణంగా దీనివల్ల కట్టిన ఏడాది సేవకు లోటు రాదు, చివరి రోజు వరకు నడుస్తుంది. తరువాత మనమే కావాలని మళ్లీ కొనాలి, అప్పుడు కొత్తగా చేరేవారికి ఇచ్చే తగ్గింపు దొరికే అవకాశం కూడా ఉంది.

అన్ని చోట్లా ఇలా ఆపకూడదు. వెబ్‌సైట్ డొమైన్ పేరు గడువు దాటితే చివరికి మరొకరు దాన్ని నమోదు చేసుకోవచ్చు. క్లౌడ్ స్టోరేజ్ ఆగిపోతే కొత్త ఫైళ్లు ఎక్కడం నిలిచిపోతుంది, ఎక్కువ కాలం అలా వదిలేస్తే ఉన్నవి కూడా పోయే ప్రమాదం ఉంటుంది. మరచిపోతే డబ్బు పోయేచోట ఆటో రెన్యూవల్ ఆపాలి, మరచిపోతే వస్తువే పోయేచోట ఉంచాలి.

కార్డు గడువు తీరిపోతే చందా దానంతట అదే ఆగిపోతుందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలకు కొత్త కార్డు వివరాలను వ్యాపారులకు అందించే ఏర్పాట్లు ఉన్నాయి. బ్యాంకు అందులో పాల్గొంటే, పాత కార్డు మీద పెట్టిన చందా కొత్త కార్డుకు నిశ్శబ్దంగా మారిపోతుంది. కార్డు మారడాన్ని రద్దుకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

బయటికి వచ్చే దారి చూసి లోపలికి వెళ్లడం

రెండు సేవలు ధరలో సమానంగా ఉన్నప్పుడు నేను చేరకముందే వాటి రద్దు పేజీ వెతుకుతాను. సహాయం విభాగంలో రద్దు గురించి వెతికితే, ఖాతాలో ఏ బటన్ నొక్కాలో సూటిగా చెప్పే సేవ ఒక రకం, ‘మా ప్రతినిధితో మాట్లాడండి’ అని మాత్రమే చెప్పే సేవ మరొక రకం. రెండో రకానికి ఏడాది ప్లాన్ ఎప్పుడూ కట్టను. ఈ దారి ఎంత చుట్టు తిప్పవచ్చో అమెరికాలో అమెజాన్‌పై 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసు చెబుతుంది. ప్రైమ్ చందా రద్దు చేయాలంటే 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఎంపికలు దాటవలసి వచ్చేదని ఆ ఫిర్యాదులో రాశారు. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు ఆ సంస్థ రాజీకి వచ్చింది, తప్పు చేసినట్టు మాత్రం ఒప్పుకోలేదు. జర్మనీలో 2022 జూలై నుంచి, ఆన్‌లైన్‌లో చందా కట్టించుకునే వెబ్‌సైట్ మీద రద్దు బటన్ కూడా ఉండాలని చట్టమే చెబుతున్నది. బటన్ పెట్టడం సాంకేతికంగా కష్టమైన పని కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రద్దు చేసేటప్పుడు మధ్యలో ఒక బేరం ఎదురవుతుంది. ‘మూడు నెలలు సగం ధరకే ఉండండి’ అనో, ‘ఒక నెల విరామం తీసుకోండి’ అనో అడుగుతారు. నిజంగా వాడుతున్నవారికి సగం ధర మంచిదే, అయితే ఒప్పుకునే ముందు ఆ బేరం కొత్త ఏడాది కట్టుబాటును మొదలుపెడుతున్నదేమో చూడాలి. విరామం మాత్రం రద్దు కాదు. నెల తరువాత దానంతట అదే మళ్లీ మొదలవుతుంది, ఆ రోజుకు మనకు గుర్తు ఉండదు.

రద్దు పూర్తయిందని ఎలా తెలుసుకోవాలి? చివరి తెర మీద ‘మీరు వెళ్తున్నందుకు బాధగా ఉంది’ అన్న వాక్యం సరిపోదు, ఆ వాక్యం తరువాత మరొక పేజీ ఉండి, అక్కడ ఇంకో బటన్ మిగిలి ఉండవచ్చు. ఖాతాలోకి తిరిగి వెళ్లి తేదీ పక్కనున్న మాట చూడాలి. Renews అని ఉంటే చందా ఇంకా నడుస్తున్నట్టు, Expires అని ఉంటే ఆ తేదీతో ముగుస్తున్నట్టు. దానితోపాటు ముగింపు తేదీ రాసిన ఈమెయిల్ రావాలి. యాప్ స్టోర్ ద్వారా కట్టినవారు కంపెనీ వెబ్‌సైట్‌లో ఖాతా తొలగించినా చందా ఆగకపోవచ్చు. మొబైల్ బిల్లు ద్వారానో టీవీ పెట్టె ద్వారానో చేరినవారు అక్కడికే తిరిగి వెళ్లాలి. ఎక్కడ కట్టామో గుర్తులేకపోతే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు తీసుకున్నవారి పేరు చూడాలి. అక్కడ సేవ పేరు కాక యాప్ స్టోర్ పేరు ఉంటే దారి అటు.

డబ్బు అప్పటికే కట్ అయిపోతే ఆలస్యం చేయకుండా అదే రోజు రిఫండ్ అడగాలి. సేవను ఆ తరువాత వాడలేదన్న సంగతి మన పక్షాన బలమైన వాదన, కాబట్టి అడిగే ముందు యాప్ తెరిచి వాడకూడదు. చేరిన రోజు ధర పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే, ఆ రోజు ఏం రాసి ఉందన్న దానిపై వాదన పెరగదు. యాపిల్, గూగుల్ రెండింటికీ రిఫండ్ కోరే పేజీలు ఉన్నాయి, అక్కడ కట్టినవారు కంపెనీకి రాయడం కంటే నేరుగా అక్కడ అడగడం త్వరగా తేలుతుంది. నా 480 అలాగే వెనక్కి వచ్చింది, అడిగిన రెండు రోజుల్లో. అందరికీ వస్తుందని హామీ లేదు, నిర్ణయం స్టోర్ వారిదే. బ్యాంకులో డిస్ప్యూట్ వేయడం, అంటే ఆ చెల్లింపును వెనక్కి ఇప్పించమని బ్యాంకుకే ఫిర్యాదు చేయడం, చివరి మార్గంగానే ఉంచుకోవాలి, ఎందుకంటే అలా వేసినప్పుడు కొన్ని కంపెనీలు మన ఖాతానే మూసివేస్తాయి, అందులో మనం కొనుక్కున్న మిగతావి, దాచుకున్న ఫైళ్లు ఉంటే వాటిని ముందుగా బయటికి తీసుకున్న తరువాతే ఆ పని చేయాలి.